అమ్మ గిన్నె మీద మూత ఎందుకు పెట్టింది?

మనలో చాలామంది చదివిన మొదటి సాహిత్య విమర్శ ఏ విమర్శకుడిదీ కాదు. పాఠం చివర ఉండే ప్రశ్నలది. కథలో ఏది ముఖ్యం, ఏది కాదు, ఎక్కడ ఆగాలి, ఎవరి వైపు నిలబడాలి అన్నవి ఆ ఐదారు ప్రశ్నలే మనకు నేర్పాయి. పాఠాల మీద బోలెడు చర్చ జరిగింది. ఏ కవిని పెట్టారు, ఎవరిని తీసేశారు, ఏ మాండలికం ఉంది, ఏది లేదు అని కొట్లాడుకున్నాం. ప్రశ్నల మీద మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడినట్టు లేదు. నేనూ మాట్లాడేవాణ్ణి కాదు, నేను రాసిన ఐదు ప్రశ్నలు హత్నూరలో బోల్తా పడకపోయి ఉంటే.

ముందు అందరికీ తెలిసిన రోగం ఒకటి చెప్పుకుందాం. ఈ వాక్యం చదవండి: "గిర్రడు తొప్పెలో మింకును జొబ్బించాడు." ఇప్పుడు ప్రశ్న: గిర్రడు మింకును ఎక్కడ జొబ్బించాడు? తొప్పెలో. ఎవరు జొబ్బించారు? గిర్రడు. రెండుకి రెండు మార్కులు. గిర్రడెవరో, మింకు తినేదో తొడుక్కునేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో తెలిస్తే చాలు, అర్థంతో పనిలేదు. మన బడుల్లో 'గద్యాన్ని చదివి జవాబులు రాయండి' కింద అడిగేవాటిలో చాలా ప్రశ్నలు ఈ జాతివే. పదో తరగతి తెలుగులో ఇంకో తమాషా ఉంది. పేరా ఇచ్చి, దానిమీద ప్రశ్నలు తయారు చేయమని పిల్లల్నే అడుగుతారు. ఆలోచన నిజంగా గొప్పది. కానీ పిల్లలకు దొరికిన కిటుకు ఏమిటంటే, వాక్యంలో ఒక మాట పీకేసి ఆ ఖాళీలో 'ఎవరు', 'ఎక్కడ', 'ఎప్పుడు' పెట్టడం. వాళ్ల తప్పేం లేదు. పెద్దవాళ్లు రాసిన ప్రశ్నల్ని చూసే అది నేర్చుకున్నారు.

నేను అలా రాయననుకున్నాను. తెలిసినవాళ్ల ద్వారా హత్నూర మండలంలో ఒక బడిలో ఏడో తరగతి పిల్లలతో కొన్ని శనివారాలు కథలు చదివే అవకాశం వచ్చింది. పటాన్‌చెరు దాటి వెళ్తుంటే పొలాల మధ్య పొగ గొట్టాలు కనిపించే ప్రాంతం అది. ఆ ఊళ్లకు కాస్త దగ్గరగా ఉంటుందని నేనే ఒక చిన్న పేరా రాసుకుని వెళ్లాను. దాన్ని యథాతథంగా ఇక్కడ పెడుతున్నా, ఎందుకంటే మిగతా వ్యాసమంతా దానిమీదే.

"సైరన్ మోగింది. అమ్మ పొయ్యి మీది అన్నం గిన్నె దించి గడపలోకి వచ్చి నిలబడింది. కంపెనీ బస్సు వేపచెట్టు దగ్గర ఆగింది. ఒక్కొక్కరే దిగారు. అందరికంటే చివర నర్సింహులు కాక దిగాడు. బస్సు కదిలి వెళ్లిపోయింది. అమ్మ మాత్రం రోడ్డు వైపే చూస్తూ ఉంది.

'బాపు ఏడే?' అని తమ్ముడు అడిగాడు. అమ్మ జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్లి గిన్నె మీద మూత పెట్టింది. మళ్లీ గడపలోకి వచ్చింది.

కాక మా ఇంటి ముందుకు వచ్చి ఆగాడు. 'అన్నకు ఓటీ పడ్డది వదినె. పొద్దుగాల వస్తడు' అన్నాడు.

అమ్మ గడప మీద కూర్చుంది. 'ఈ నెల చిన్నోనికి అంగీ కొనొచ్చు' అంది."

దీనికి నేను రాసుకెళ్లిన ఐదు ప్రశ్నలు ఇవి:

1. కంపెనీ బస్సు ఎక్కడ ఆగింది?
2. అమ్మ గిన్నె మీద మూత ఎందుకు పెట్టింది? (అ) నాన్న వచ్చేవరకు అన్నం వేడిగా ఉండాలని (ఆ) అన్నంలో ఏమీ పడకుండా (ఇ) తమ్ముడు తినకుండా (ఈ) అన్నం ఇంకా ఉడకలేదని
3. 'పడ్డది' అనే మాటకు అర్థం రాయండి.
4. చివర్లో అమ్మ ఎందుకు సంతోషించింది?
5. కార్మికుల కష్టాల గురించి మీ అభిప్రాయం రాయండి.

మొదటిది గిర్రడి ప్రశ్నే, తెలిసే పెట్టాను. ఒకటి సులువుగా ఉంటే పిల్లలకు ధైర్యం వస్తుంది. అందులో తప్పు లేదు. నాలుగో తరగతి పిల్లల చదువును దేశదేశాల్లో కొలిచే పిర్ల్స్ పరీక్షలో కూడా, పైకి కనిపించే విషయాన్ని వెతికి తీసే ప్రశ్నలకు దాదాపు 20 శాతం చోటు ఇస్తారు. మిగతా 80 శాతం ఊహించి గ్రహించడానికి, కలిపి అర్థం చేసుకోవడానికి, తూచి చూడటానికి. మన దగ్గర ఈ లెక్క తరచూ తలకిందులుగా ఉంటుంది.

ఐదో ప్రశ్నకు పేరా చదవక్కర్లేదు. పేరా మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూడా "కార్మికులు చాలా కష్టపడతారు, మనం వారిని గౌరవించాలి" అని రాయొచ్చు. అందరూ అదే రాశారు. నాలుగోది ఇంకా దొంగ ప్రశ్న. అమ్మ సంతోషించిందని పేరాలో ఎక్కడా లేదు. పిల్లలు పట్టుకోవాల్సింది అదే. దాన్ని నేనే ప్రశ్నలో చెప్పేశాను. పొడుపుకథ వేస్తూ విప్పేసినట్టు. పైగా తప్పుగా విప్పాను. ఆమెకు కలిగింది సంతోషమేనా? ఆ సంగతి తర్వాత.

అసలు దెబ్బ రెండో ప్రశ్న దగ్గర తగిలింది. నా లెక్కలో జవాబు (అ). నాన్న కోసం దించిన అన్నం, నాన్న రాలేదు, వచ్చేదాకా వేడిగా ఉండాలని మూత పెట్టింది. ఎంత బాగుంది! చాలామంది (ఆ) పెట్టారు. తప్పు కొట్టేశాను. వెనక బెంచీ అమ్మాయి ఒకామె కాగితం పట్టుకుని వచ్చింది. "సార్, ఇది ఎట్ల తప్పు? రాత్రయితే కంపెనీల వాసన ఇడుస్తరు. మా అమ్మ గట్లనే అన్నిటికీ మూతలు పెడ్తది."

నేను పేరాను మళ్లీ చదువుకున్నాను. ఆమెను తప్పు అనడానికి అందులో ఒక్క వాక్యం కూడా లేదు. 'వేడి' అన్న మాటే లేదు. అసలు నా జవాబుకు పేరాలో ఉన్న ఆధారం ఎంతో, ఆమె జవాబుకు ఉన్నదీ అంతే. తేడా ఒక్కటే, నా చేతిలో ఎర్ర పెన్ను ఉంది.

గ్రహింపు ప్రశ్న అంటే ఏమిటో నాకు అప్పుడే సరిగ్గా అర్థమైంది. జవాబు పేరాలో ఉండకూడదు. కానీ ఆధారం మాత్రం పేరాలోనే ఉండాలి. ఆధారం కనీసం రెండు చోట్ల ఉండాలి, ఆ రెండు చోట్లా వేలు పెట్టి చూపించగలగాలి. ఒకే చోట ఉంటే అది వెతుకులాట. ఎక్కడా లేకపోతే అది ప్రశ్న రాసినవాడి మనసులో ఏముందో కనుక్కునే సోది. మూత ప్రశ్న రెండో రకం. ఎవరైనా ఏ గిన్నె మీదైనా మూత పెట్టడానికి లక్ష కారణాలుంటాయి. అందులో నాకు నచ్చిన ఒకదాన్ని నేను 'సరైన జవాబు' చేశాను.

వేలు పెట్టి చూపించగలిగే ప్రశ్న ఇదే పేరాలో ఉంది. బాపు ఆ బస్సులో వచ్చాడా? ఎలా తెలిసింది? ఒక వేలు 'చివర నర్సింహులు కాక దిగాడు' మీద, ఇంకో వేలు 'బస్సు కదిలి వెళ్లిపోయింది' మీద. రాలేదని ఎక్కడా చెప్పలేదు, కానీ ఇంకో జవాబుకు దారి లేదు. పక్కపక్క వాక్యాలు కాబట్టి ఇది నాలుగో తరగతి పిల్లలకు సరిపోతుంది. తరగతి స్థాయి అంటే మనం సాధారణంగా వాక్యం పొడుగూ, కఠిన పదాల లెక్కా చూస్తాం. ఈ పేరాలో ఏడో తరగతికి కఠినమైన మాట ఒక్కటీ లేదు. ప్రశ్న స్థాయిని నిర్ణయించేది రెండు వేళ్ల మధ్య దూరం. అమ్మకు లోపల ఏదో దిగులు పుట్టిందని గ్రహించాలంటే, రోడ్డు వైపే చూడటం, తమ్ముడికి జవాబు చెప్పకపోవడం, లోపలికి వెళ్లి మళ్లీ గడపలోకి రావడం, ఈ మూడూ కలపాలి. ఇది ఏడో తరగతి పని. ఆ దిగులు అన్న మాటను రచయిత ఎందుకు వాడలేదో అడిగితే అది పదో తరగతికి వెళ్తుంది. పేరా మారలేదు.

ఇక మాటల ప్రశ్న. 'పడ్డది' అంటే అర్థం రాయమన్నాను. పిల్లలు 'కిందికి వచ్చింది', 'జారింది' అని రాశారు. నిఘంటువు తీస్తే వాళ్లు రాసింది తప్పు కాదు. సందర్భం అడగకుండా మాటను మాత్రమే అడిగితే వచ్చే జవాబు అదే. దాన్ని ఇలా మార్చాను:

'ఓటీ పడ్డది' లో పడ్డది అనే మాట ఏ అర్థంలో వచ్చిందో, అదే అర్థంలో వచ్చిన వాక్యం ఏది?
(అ) చెట్టు మీంచి కాయ పడ్డది.
(ఆ) ఖాతాలో జీతం పడ్డది.
(ఇ) ఈ వారం బోర్డు తుడిచే వంతు నాకు పడ్డది.
(ఈ) రాత్రి పెద్ద వాన పడ్డది.

ఇక్కడ తప్పు జవాబుల్ని ఊరికే నింపలేదు. ఒక్కో తప్పు ఒక్కో రకం చదువును పట్టిస్తుంది. (అ) పెట్టినవాళ్లు మాటకు మొదట తోచే అర్థం దగ్గరే ఆగిపోయారు. (ఆ) పెట్టినవాళ్లు వాక్యాన్ని కాకుండా వాతావరణాన్ని చదివారు: కంపెనీ, ఓటీ, జీతం. (ఈ) పెట్టినవాళ్లు మన ప్రమేయం లేకుండా జరిగేది అన్నంతవరకు వచ్చారు, ఎవరి మీదకు వచ్చిందన్నది వదిలేశారు. పని ఒకరి వంతుకు రావడం అన్నది (ఇ)లోనే ఉంది, అందులో కంపెనీ వాసన కూడా లేదు. ఎంతమంది తప్పు రాశారన్నదానికంటే, ఏ తప్పు రాశారన్నది చూస్తే రేపు ఏం చెప్పాలో తెలుస్తుంది. నలుగురిలో ఒక్కరూ పెట్టని తప్పు జవాబు ఉంటే అది కాగితం దండగ. నా మూత ప్రశ్నలో 'అన్నం ఇంకా ఉడకలేదని' అన్నది అలాంటిదే. పొయ్యి మీంచి దించేశాక ఉడకలేదంటే ఎవరు నమ్ముతారు?

ఇదే పేరాను తర్వాత హైదరాబాదులో మా అపార్టుమెంటు పిల్లలు కొందరికి చదివించాను. వాళ్లు తడబడింది 'పడ్డది' దగ్గర కాదు, 'ఓటీ' దగ్గర. "ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ కదా అంకుల్?" అన్నాడొకడు. వాడి చదువులో కథ మొత్తం మారిపోయింది. బాపు ఆసుపత్రిలో ఉన్నాడు, అందుకే అమ్మ గడప మీద కూలబడింది. మరి ఆ చివరి మాటేంటి అని అడిగాను. వాడు మళ్లీ చదివి, "ఆపరేషన్ అయితే చొక్కా ఎందుకు కొంటారు? డబ్బులు ఖర్చవుతాయి కదా" అని తనకు తానే అనుకుని, కాసేపటికి "ఓ, ఎక్స్‌ట్రా డ్యూటీ" అన్నాడు. సందర్భాన్ని బట్టి మాటను పట్టుకోవడం అంటే అదే, నా కళ్ల ముందే జరిగింది. హత్నూర పిల్లలకు ఓటీ అన్నది ఇంట్లో మాట, దాని అర్థం అడిగితే అక్కడ ఏమీ తెలీదు. నగరం పిల్లవాడికి అది మంచి ప్రశ్న. 'అంగీ' కూడా అంతే. మామూలుగా ఇది ఎదురుదిక్కులో జరుగుతుంది. పొలం, పల్లె తెలిసిన పిల్లలకు విమానాశ్రయం పేరా ఇచ్చి, మాట తెలియనందుకు 'గ్రహణశక్తి తక్కువ' అని రాసేస్తాం. అక్కడ కొలిచింది చదువును కాదు, వాళ్ల నాన్న చేసే పనిని.

ఇప్పుడు అన్నిటికంటే కష్టమైన విషయానికి వస్తాను. రెండో శనివారం ప్రశ్నలు మార్చుకుని వెళ్లాను. మొదటి ప్రశ్న ఇది: సైరన్ మోగగానే అమ్మ గడపలోకి ఎందుకు వచ్చింది? ఇది చాలా తేలికనుకున్నాను. షిఫ్టు అయిపోయింది, బస్సు వస్తుంది, బాపు వస్తాడు. ఒక అబ్బాయి రాయకుండా కూర్చున్నాడు. ఏమైందంటే అడిగాడు: "షిఫ్టు సైరనా సార్, డేంజర్ సైరనా?"

నాకు నోట మాట రాలేదు. ఈ మండలంలోనే, చందాపూర్‌లో, 2024 ఏప్రిల్ 3న ఒక రసాయన కర్మాగారంలో పేలుడు జరిగి మనుషులు చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఇంకో కర్మాగారంలో జరిగిన పేలుడులో నలభై మందికి పైగా కార్మికులు పోయారు. ఆ వార్తలు నేనూ చదివాను. చదివీ, 'సైరన్ మోగింది' అని మొదటి వాక్యం రాసి, దానికి ఒకే అర్థం ఉంటుందనుకున్నాను. ఆ పిల్లవాడు మాత్రం బస్సులోంచి దిగని మనిషి గురించిన కథను మొదటి మాట నుంచే సరిగ్గా చదివాడు.

ఇక్కడ ప్రశ్నలు రాసేవాళ్లకు ఒక చిక్కు వస్తుంది. కథకు రెండు అర్థాలుంటే అందం, ప్రశ్నకు రెండు జవాబులుంటే అన్యాయం. 'రోజూలాగే షిఫ్టు సైరన్ మోగింది' అని మారిస్తే ప్రశ్న బాగుపడుతుంది, కథ చచ్చిపోతుంది. నేను కథను ముట్టుకోలేదు. ప్రశ్ననూ, మార్కుల పద్ధతినీ మార్చాను. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనడం తీసేశాను. "అమ్మ గడపలోకి వచ్చినప్పుడు ఆమె మనసులో ఏముంది? నీకు అలా అనిపించడానికి పేరాలోని ఏ మాటలు కారణం?" అని రాశాను. రెండు మార్కులు. బాపు వస్తాడని ఎదురుచూపు అని రాసి 'అన్నం గిన్నె దించి' చూపిస్తే రెండు. ఏమైనా జరిగిందేమో అని భయం అని రాసి, 'రోడ్డు వైపే చూస్తూ ఉంది', 'జవాబు చెప్పలేదు' చూపిస్తే కూడా రెండు. భావం సరైనదే అయినా పేరాలోంచి ఏమీ చూపించకపోతే ఒకటి. తను విన్న సంఘటన గురించే రాసి పేరాకు తిరిగి రాకపోతే సున్నా కాదు, అర మార్కు కూడా కాదు, కాగితం పక్కన పెట్టి ఆ పిల్లతో కూర్చుని మాట్లాడటం.

ఈ చివరిది బడిలోని తెలుగు మేడమ్ చెప్పింది. ఆమె నన్ను ఇంకో మాట కూడా అడిగింది: "ఈ పేరా ఇక్కడ ఇవ్వొచ్చంటారా సార్?" పరీక్షలు తయారుచేసే పెద్ద సంస్థలు ఇలాంటి పేరాల్ని ముందే పక్కన పెట్టేస్తాయి. చావు, ప్రమాదం లాంటివి తగిలిన పిల్లలు చదవడం మానేసి బాధపడతారని, అప్పుడు కొలిచేది చదువును కాదని వాళ్ల వాదన. ఆ వాదన సరైనదే. కానీ దాన్ని మొత్తానికి ఒప్పుకుంటే, పారిశ్రామిక వాడ పిల్లలు తమ బతుకు లేని పేరాలే ఎప్పటికీ చదవాలి. ఆమే, నేనూ చివరికి ఒప్పుకున్నది ఇది: పరీక్ష కాగితంలో వద్దు. అక్కడ పిల్ల ఒంటరిగా ఉంటుంది, పక్కవాళ్లతో మాట్లాడకూడదు. తరగతిలో మాత్రం ఉండనిద్దాం, అక్కడ చెప్పుకోవడానికి మనుషులుంటారు.

అలా తరగతిలోనే చివరి ప్రశ్న అడిగాను. 'ఎందుకు సంతోషించింది' తీసేసి, "కాక మాట విన్నాక అమ్మలో ఏం మారింది? ఎలా తెలిసింది?" అని. చాలామంది అంగీ వాక్యం చూపించారు. దిగులు పోయింది కాబట్టే ఆమెకు అంగీ గుర్తొచ్చింది అన్నారు. సరిగ్గా నేను అనుకున్నదే. అప్పుడు ఆ మూతల అమ్మాయి లేచింది.

"గడప మీద కూసున్నది సార్. గడప మీద ఎవ్వరు కూసోరు. మా అమ్మ కూసోనియ్యది. ఆమెకు కాళ్లల్ల సత్తువ పోయింది, అందుకే కూసున్నది. అంగీ ముచ్చట తర్వాత."

ఆ వాక్యం రాసింది నేనే. గడపలోకి రావడం వేరు, గడప మీద కూర్చోవడం వేరు అని నాకు తట్టలేదు. అంతసేపూ నిలబడి ఉన్న మనిషి అప్పుడు కూర్చుందని కూడా నేను చూడలేదు. ఆమెది సంతోషం కాదు, అంతసేపు బిగబట్టుకున్నది వదిలేయడం. ఆ అమ్మాయి రెండు వేళ్లూ సరిగ్గా పెట్టింది, ఒకటి మొదటి వరసలో 'నిలబడింది' మీద, ఇంకోటి చివర్లో 'కూర్చుంది' మీద.

ఇప్పుడు ప్రశ్నలు రాసేటప్పుడు నేను చేసే పని చాలా చిన్నది. రాశాక పేరా మీద చెయ్యి అడ్డం పెట్టి జవాబు చెప్పగలనా అని చూస్తాను. చెప్పగలిగితే కొట్టేస్తాను. తర్వాత జవాబులు దాచి, ప్రశ్న ఒక్కటే ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఇచ్చి వాళ్ల మాటల్లో జవాబు చెప్పమంటాను. నేను ఊహించని జవాబు వస్తే, ఎర్ర పెన్ను తీయకముందు, "ఎక్కడుంది చూపించు" అంటాను. చూపిస్తే మార్చాల్సింది నా ప్రశ్ననే. మూత ప్రశ్న నా పుస్తకంలో ఇంకా ఉంది. పక్కన 'కొట్టేయాలి' అని రాసి ఉంది. దాని కింద, ఆ అమ్మాయికి ఇవ్వాల్సిన మార్కు.